పక్కన సూపర్ మార్కెట్ తెరుస్తున్నప్పుడు హార్డ్‌వేర్ దుకాణానికి స్వాట్ విశ్లేషణ ఎలా చేయాలి?

"మా దుకాణానికి మూడు వందల మీటర్ల దూరంలో సూపర్ మార్కెట్ కడుతున్నారు, దసరాకు తెరుస్తారట, స్వాట్ చేసుకోమంటున్నారు, అది ఎలా చేయాలి?" అన్న ప్రశ్న పట్టణాల్లోని హార్డ్‌వేర్ వ్యాపారుల నుంచి పదే పదే వస్తోంది. స్వాట్ అంటే వ్యాపారపు బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులను నాలుగు గళ్లలో రాసి చూసుకోవడం. అడిగేవారిలో చాలామంది అప్పటికే ఒక కాగితాన్ని నాలుగు గళ్లు చేసి, బలాల గడిలో "మంచి పేరు, ఇరవై ఏళ్ల నమ్మకం" అనీ, బలహీనతల గడిలో "స్థలం చాలదు" అనీ, అవకాశాల గడిలో "ఆన్‌లైన్ అమ్మకాలు" అనీ, ముప్పుల గడిలో "పోటీ" అనీ రాసి ఉంటారు. ఆ కాగితాన్ని ఎదురుగా ఉన్న మందుల షాపువారికి ఇచ్చినా ఒక్క అక్షరం మార్చకుండా వాడుకోవచ్చు. అలాంటి కాగితం వల్ల మీకు ఏ నిర్ణయమూ దొరకదు.

మీ దుకాణానికి పనికివచ్చే స్వాట్ కావాలంటే దుకాణాన్ని మొత్తంగా ఒక ముద్దలా చూడకూడదు. ఏ సరుకు, ఎవరు కొంటున్నారు, అందులో మీకు మిగులుతున్నది ఎంత అన్న లెక్క ముందు తేలాలి, నాలుగు గళ్లు ఆ తరువాత నింపాలి. ఇక్కడ చెప్పేది కిరాణా ప్రధానంగా ఉండి ఒక మూలన గృహోపకరణాలు పెట్టే సూపర్ మార్కెట్ గురించి. వచ్చేది పైపులు, టైల్స్, పెయింట్లు అమ్మే పెద్ద గొలుసు దుకాణమైతే లెక్క పూర్తిగా వేరవుతుంది.

కావలసినవి

గత మూడు నెలల అమ్మకం బిల్లులు, అవే సరుకుల కొనుగోలు బిల్లులు, ఖాతా పుస్తకం, ఒక ఖాళీ నోటు పుస్తకం, ఆదివారాలు రెండు. వీటితోపాటు కౌంటర్‌లో ఎక్కువ కాలంగా పనిచేస్తున్న మనిషి ఒకరు మీ పక్కన కూర్చోవాలి, ఎందుకంటే యజమాని గల్లాపెట్టె దగ్గర కూర్చొని చూసేది వేరు, కౌంటర్ దగ్గర నిలబడేవారికి తెలిసేది వేరు.

చిల్లర అమ్మకాలకు బిల్లులు వేసే అలవాటు లేకపోతే పని ఆగిపోనవసరం లేదు. రెండు వారాల పాటు నోటు పుస్తకంలో సరుకు రకాల వారీగా గడులు గీసి, ప్రతి అమ్మకానికీ ఏ గడిలో ఎన్ని రూపాయలో రాస్తూ పోండి. మూడు నెలల బిల్లులంత నమ్మదగినది కాకపోయినా ఊహ కంటే అది ఎంతో మేలు.

1. అమ్మకాలను ఐదు కుప్పలు చేయండి

ప్లంబింగ్ సామాను ఒకటి, పెయింట్లు ఒకటి, కరెంటు సామాను ఒకటి, మేకులు, స్క్రూలు, బందులు, పనిముట్లు ఒకటి, ఇంటి సామాను ఒకటి. ఇంటి సామాను అంటే బకెట్లు, మగ్గులు, చీపుర్లు, ఎల్ఈడీ బల్బులు, ఎక్స్‌టెన్షన్ బాక్సులు, తాళాలు, గ్యాస్ లైటర్లు వంటివి. ప్రతి కుప్పకూ నెల అమ్మకం ఎంత, కొన్న ధర పోగా మిగిలింది ఎంత అన్న రెండు అంకెలు చాలు.

లెక్క ఎలా నడుస్తుందో చూడటానికి ఒక దుకాణాన్ని ఉదాహరణగా అనుకొందాం. నెల అమ్మకం 14 లక్షలు. అందులో ఇంటి సామాను 1,68,000, అంటే 12 శాతం. ఈ అంకె చూసిన యజమాని "పోతే పన్నెండు శాతమే కదా" అని ఊరట పడతాడు. కానీ ఇంటి సామానుపై నూటికి 20 మిగులుతుంటే, పెయింట్ డబ్బాలపై 8 మాత్రమే మిగులుతోంది. అన్ని కుప్పల మిగులు కలిపితే 2,01,000 అనుకొంటే అందులో ఇంటి సామాను వాటా 33,600, అంటే ఆరో వంతు. అద్దె, జీతాలు, కరెంటు, రవాణా కలిపి 1,30,000 పోగా యజమాని చేతికి వచ్చేది 71,000. సూపర్ మార్కెట్ ఇంటి సామాను అమ్మకంలో సగం పట్టుకుపోతే ఖర్చులు ఒక్క రూపాయి కూడా తగ్గవు గనుక పోయే 16,800 నేరుగా ఆ 71,000 నుంచే పోతుంది. అమ్మకంలో ఆరు శాతంగా కనిపించిన దెబ్బ యజమాని రాబడిలో దాదాపు నాలుగో వంతు. ముప్పును అమ్మకంతో కాకుండా మిగులుతో కొలవాలని చెప్పేది ఇందుకే.

ఇంకొక లెక్క కూడా ఇక్కడే చేసేయండి. ఒక వారం బిల్లులు తీసుకొని, ఇంటి సామాను ఉన్న బిల్లులను పక్కన పెట్టి, వాటిలో ఎన్నింటిలో వేరే కుప్ప సరుకు కూడా ఉందో చూడండి. మన ఉదాహరణలో 118 బిల్లులలో 41 అలాంటివి అనుకొందాం. బల్బు కోసం వచ్చి కుళాయి వాషరు, టెఫ్లాన్ టేపు కూడా తీసుకువెళ్లినవారు వీరు. బల్బు సూపర్ మార్కెట్‌లో దొరికితే వీరిలో కొందరు మీ గుమ్మం తొక్కరు. ఈ జంట బిల్లులు మూడో వంతు దాటితే ముప్పు ఇంటి సామానుతో ఆగదని గుర్తు.

2. వెళ్లి చూసి రండి

వచ్చేది గొలుసు దుకాణమైతే దాని మరో శాఖ దగ్గరలోని ఏదో పట్టణంలో సాధారణంగా ఉంటుంది. మీ ఇంటి సామాను కుప్పలో ఎక్కువగా అమ్ముడుపోయే పదిహేను వస్తువుల పట్టిక తయారుచేసుకొని అక్కడికి వెళ్లి, ధర, ప్యాకెట్‌లో ఎన్ని ఉన్నాయి, విడిగా ఇస్తారా, గ్యారంటీకి ఎవరి దగ్గరకు వెళ్లాలి అన్నవి రాసుకోండి. ఒకటి రెండు వస్తువులు కొనండి కూడా. బిల్లు చేతిలో ఉంటే ఇంటికి వచ్చాక వాదనలు ఉండవు.

ధరలు పోల్చేటప్పుడు రెండు చోట్ల పొరపాటు జరుగుతుంది. మొదటిది, గరిష్ఠ చిల్లర ధర మీద తగ్గింపు చూసి కంగారుపడటం. ఆ ధర కంటే ఎక్కువకు అమ్మకూడదన్నదే చట్టం, తక్కువకు మీరూ అమ్ముతూనే ఉంటారు, కాబట్టి మీరు నిజంగా అమ్మే ధరతో పోల్చాలి. రెండవది, ప్యాకెట్ ధరను విడి ధరతో పోల్చకపోవడం. పది స్క్రూల ప్యాకెట్ అక్కడ 45 రూపాయలైతే ఒక్కటి నాలుగున్నర పడినట్లు, మీ దగ్గర అదే స్క్రూ రెండు రూపాయలకు విడిగా దొరుకుతుంటే మీరే చవక. అయితే కొనేవారికి ఆ సంగతి తెలియదు, అది ఒక బలహీనత, తరువాత రాసుకోవాలి.

ప్రారంభోత్సవ ఆఫర్లను లెక్కలోకి తీసుకోకండి. అందుకే కొత్త శాఖను కాకుండా కనీసం ఏడాది నడిచిన శాఖను చూడమంటున్నాను.

3. ముప్పుల గడితో మొదలుపెట్టండి

చాలామంది బలాలతో మొదలుపెడతారు. బలాలు ముందు రాస్తే చేయి ఆగదు, సొంత గొప్పలు రాసుకోవడం ఎవరికైనా సుఖమే. బయట ఏం జరగబోతోందో ముందు తేలితే, దానికి ఎదురు నిలిచేది ఏదో దాన్నే బలం అనవచ్చు.

ప్రతి ముప్పు పక్కన ఆధారం, నెలకు ఎన్ని రూపాయలు అన్న రెండూ ఉండాలి. "పోటీ పెరుగుతుంది" అని కాకుండా "పదిహేను ఇంటి వస్తువుల్లో తొమ్మిది అక్కడ మా ధర కంటే తక్కువ, నెలకు 16,800 వరకు పోవచ్చు" అని రాయండి. ధరలతో సంబంధం లేని ముప్పులను కూడా వదలకండి. సూపర్ మార్కెట్ తెరిచేముందు స్థానికంగా కుర్రాళ్లను పనిలోకి తీసుకొంటారు, నీడపట్టున యూనిఫాం ఉద్యోగం కనుక మీ దుకాణంలో బస్తాలు మోసే కుర్రవాడు అటు చూడటం సహజం. వీధికి గిరాకీ పెరిగిందని మీ భవన యజమాని అద్దె ఒప్పందం తిరగరాయమనవచ్చు, ఒప్పందం గడువు ఎప్పటితో ముగుస్తుందో ఈ రోజే చూసుకోండి. మీ ముందున్న ఖాళీ జాగాలో వారి కొనుగోలుదారుల బళ్లు నిలిస్తే పైపులు దించే ఆటోకు చోటు ఉండదు. నా ఉద్దేశంలో ఒక హార్డ్‌వేర్ దుకాణాన్ని బల్బు ధర కంటే ఈ మూడూ ఎక్కువగా ఇబ్బంది పెడతాయి.

4. బలాలు: రెండు ప్రశ్నల జల్లెడ

ప్రతి బలాన్నీ రెండు ప్రశ్నలు అడగండి. ఇది సూపర్ మార్కెట్‌కు లేనిదేనా? దీనికోసం ఎవరైనా నిజంగా డబ్బు చెల్లిస్తున్నారా? రెండింటికీ అవునన్నదే గడిలో ఉండాలి. "ఇరవై ఏళ్ల నమ్మకం" మొదటి ప్రశ్న దాటుతుంది, రెండవదాని దగ్గర ఆగిపోతుంది.

జల్లెడలో నిలిచే బలం ఎలా ఉంటుందో చూడాలంటే ఉదయం ఎనిమిది గంటలకు కౌంటర్ దగ్గర నిలబడండి. ప్లంబర్ సైకిల్ దిగకుండానే జేబులోంచి విరిగిన పైపు ముక్క తీసి కౌంటర్ మీద పెడతాడు. "అన్నా, దీనికి ఎల్బో ఇవ్వు, నీళ్లు ఆపేసి వచ్చాను." కౌంటర్‌లోని మనిషి ముక్కను వేళ్లతో ఒకసారి తిప్పి, ఇది లేత పసుపు రంగు సీపీవీసీ, వేడినీళ్ల లైను అని పోల్చుకొంటాడు. బూడిద రంగు పీవీసీ ఫిట్టింగ్ కొలతలు వేరు కాబట్టి అది దీనికి పట్టదు, జిగురు కూడా వేరే. పాత పీవీసీ లైనుకు కలపాలంటే మధ్యలో మరలున్న ఇత్తడి ముక్క కావాలి. ఈ మూడు మాటలూ అతను చెప్పకపోతే ప్లంబర్ రెండుసార్లు తిరగాలి, ఆ ఇంట్లో మధ్యాహ్నం దాకా నీళ్లు ఉండవు. దీనిని గడిలో "అనుభవం" అని రాస్తే సరిపోదు. "ఉదయం ఏడున్నరకు తెరుస్తాం, సూపర్ మార్కెట్ ఆ తరువాత ఎప్పుడో తెరుస్తుంది, విరిగిన ముక్క చూసి సరైన జత ఇవ్వగలం, ప్లంబింగ్ అమ్మకంలో ఉదయం తొమ్మిదిన్నర లోపు జరిగేది ఇంత" అని రాయండి. బిల్లుల మీద సమయం ముద్రించి ఉంటే చివరి అంకె తీయడం కష్టం కాదు.

విడి అమ్మకం, తీసుకువెళ్లి మిగిలిన ఫిట్టింగులను వెనక్కి తీసుకోవడం, రంగు కలిపే యంత్రం వంటివి ఉంటే వాటినీ ఇదే జల్లెడలో వేయండి.

5. బలహీనతలు, అందులో ముఖ్యంగా ఖాతా

ఉద్దెర ఇవ్వడం బలమా, బలహీనతా అన్న దగ్గర అందరూ తడబడతారు. రెండూ నిజమే, కాబట్టి రెండు గళ్లలోనూ విడగొట్టి రాయాలి. మన ఉదాహరణలో బయట ఉన్న బాకీ 6,20,000 అనుకొందాం. దానిలో 90 రోజులు దాటనిది 4,35,000. క్రమంగా కొంటూ క్రమంగా కట్టే ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు, మేస్త్రీల బాకీ అది, సూపర్ మార్కెట్ ఇవ్వలేని సౌకర్యం అది, బలాల గడికి వెళుతుంది. 90 రోజులు దాటిన 1,85,000 బలహీనత. నూటికి రూపాయిన్నర వడ్డీ చొప్పున మొత్తం బాకీపై నెలకు 9,300 మీ జేబు నుంచి పోతోందన్నది కూడా దాని పక్కనే రాయండి. ఖాతా పుస్తకంలో పేరు పేరునా ఆఖరి చెల్లింపు తేదీ చూస్తే తప్ప ఈ విభజన జరగదు, అరపూట పని.

రెండవ బలహీనత సాధారణంగా పైన చెప్పిన బలం వెనకే దాక్కొని ఉంటుంది. ముక్క చూసి పోల్చే మనిషి ఒక్కడే అయితే, అతను పెళ్లికి ఊరు వెళ్లిన రోజు ఆ బలం దుకాణంలో ఉండదు. ప్రతి బలం పక్కనా "ఇది ఎవరి తలలో ఉంది?" అని అడిగి, ఒక్క పేరే వస్తే అదే వాక్యాన్ని బలహీనతల్లో కూడా రాయండి.

మూడవది తెలుసుకోవడానికి "లేదు" పుస్తకం పెట్టండి. కౌంటర్ దగ్గర ఎవరైనా అడిగిన వస్తువు లేదని చెప్పిన ప్రతిసారీ ఆ వస్తువు పేరు, తేదీ రాయాలి. మొదటి మూడు రోజులు కుర్రాళ్లు రాయరు, రద్దీలో మరిచిపోయామంటారు, పెన్నును దారంతో కౌంటర్‌కు కట్టి సాయంత్రం పూట మీరే అడగండి. రెండు వారాలకు ఒకే సైజు వాల్వో, ఒకే రకం బందులో పది పన్నెండుసార్లు పునరావృతమవడం కనిపిస్తుంది.

6. అవకాశాలు

ఇక్కడ జరిగే తప్పు ఒక్కటే, కానీ అందరూ చేస్తారు. "హోం డెలివరీ పెడతాం" అన్నది అవకాశం కాదు, మీరు చేయబోయే పని. ఈ దుకాణం మీది కాకపోయినా ఆ వాక్యం నిజమేనా అని అడిగి చూడండి, నిజమైతేనే అది అవకాశం లేదా ముప్పు. "సూపర్ మార్కెట్ వల్ల సాయంత్రం ఆరు తరువాత ఈ వీధికి కుటుంబాలు వస్తాయి" అన్నది ఎవరి దుకాణమైనా నిజమే. "వెనక కాలనీలో పదిహేనేళ్ల నాటి ఇళ్లకు పైపులు మార్చే పనులు మొదలయ్యాయి" అన్నదీ అంతే, మీ ప్లంబర్లను అడిగితే ఎన్ని ఇళ్లో చెబుతారు. ఈ గడిలో రెండు మూడు వాక్యాలకు మించి దొరకకపోతే బలవంతంగా నింపకండి.

7. గళ్లను జతచేసి నిర్ణయాలు తీయండి

నాలుగు గళ్లు నింపి గోడకు అంటించడంతో ఆపేస్తే చేసిన శ్రమంతా వృథా. గళ్లను ఒకదానితో ఒకటి ఢీకొట్టించే పద్ధతిని మేనేజ్‌మెంట్ ఆచార్యుడు హైంజ్ వైరిచ్ 1982లో ప్రతిపాదించాడు, స్వాట్ ఇంగ్లిషు అక్షరాలను తిరగేసి దానికి టోస్ అని పేరు పెట్టాడు. మీకు కావలసినంత మేరకు దాని సారం ఇది: ఒక బయటి వాక్యం, ఒక లోపలి వాక్యం తీసుకొని, రెండింటినీ కలిపితే ఏం చేయాలో ఒక వాక్యంలో రాయడం. మూడు నిర్ణయాలకు మించి తీసుకోకండి, నడిమితరం దుకాణంలో నాలుగో పని చేయడానికి మనిషి ఉండడు.

మన ఉదాహరణలో "తొమ్మిది ఇంటి వస్తువులు అక్కడ చవక" అన్న ముప్పును "లేదు పుస్తకంలో ప్లంబింగ్ వస్తువులు పదే పదే కనిపిస్తున్నాయి" అన్న బలహీనతతో కలిపితే మొదటి నిర్ణయం వస్తుంది: బకెట్లు, మగ్గులు, చీపుర్లకు కొత్త సరుకు ఆపి, ఉన్నది అమ్ముకొని, ఆ అల్మారాలు, ఆ పెట్టుబడి కరవవుతున్న వాల్వులకూ ఫిట్టింగులకూ మళ్లించాలి. బల్బులు, తాళాలు, ఎక్స్‌టెన్షన్ బాక్సులు మాత్రం ఉంచాలి, ఎందుకంటే జంట బిల్లుల్లో కనిపించేవి అవే.

"కుర్రాళ్లు వెళ్లిపోవచ్చు" అన్న ముప్పు, "పోల్చే విద్య ఒక్కరి దగ్గరే ఉంది" అన్న బలహీనత కలిసి రెండవ నిర్ణయం: ఒక చెక్కపలక మీద ప్రతి రకం పైపు ముక్కనూ దానికి సరిపోయే ఫిట్టింగుతో, జిగురు డబ్బా పేరుతో సహా బిగించి కౌంటర్ వెనక వేలాడదీయాలి, రెండో మనిషి రోజూ గంటసేపు పెద్దాయన పక్కన నిలబడాలి. మూడవది ఖాతా గురించి: 90 రోజులు దాటినవారికి పాత బాకీలో సగం కట్టేదాకా కొత్త సరుకు నగదుకే, సక్రమంగా కట్టేవారికి పరిమితి అలాగే కొనసాగుతుంది. ఈ మాటను కౌంటర్ కుర్రాడితో చెప్పించకండి. మేస్త్రీతో మీరే పక్కకు తీసుకువెళ్లి చెప్పాలి, నలుగురి ముందు చెబితే బాకీతోపాటు మేస్త్రీ కూడా పోతాడు.

తీసుకోకూడని నిర్ణయం ఒకటి ఉంది, అందరికీ ముందుగా తట్టేది అదే: ధరలన్నీ వారితో సమానంగా తగ్గించడం. నూటికి 20 మిగిలే వస్తువు ధరను పది శాతం తగ్గిస్తే మిగిలేది పదే, పాత మిగులు రావాలంటే అమ్మకం రెట్టింపు కావాలి. సూపర్ మార్కెట్ పక్కన బకెట్ల అమ్మకం రెట్టింపు కాదు. తప్పనిసరి అనిపిస్తే జంట బిల్లుల్లో ఎక్కువగా కనిపించే రెండు మూడు వస్తువులకే తగ్గించి, ఆ ధర కౌంటర్ మీద కనిపించేలా రాసి పెట్టండి.

8. ఫలితం సరిచూసుకొనే పద్ధతి

సూపర్ మార్కెట్ తెరవకముందే ఐదు కుప్పల మిగులు, జంట బిల్లుల సంఖ్య, 90 రోజులు దాటిన బాకీ, "లేదు" పుస్తకంలో వారానికి ఎన్ని పేర్లు అన్న అంకెలను తేదీతో రాసి ఉంచండి. తెరిచిన మొదటి నాలుగు వారాలు లెక్క రాయండి గాని ఏ నిర్ణయమూ మార్చకండి, ఆఫర్ల హడావుడిలో మీ వీధివారంతా ఒకసారి అటు వెళ్లివస్తారు. ఐదో వారం నుంచి పన్నెండో వారం వరకు వచ్చే అంకెలే అసలువి.

పోలిక గత నెలతో కాదు, గత ఏడాది అదే కాలంతో చేయాలి. అదే కాలం అంటే ఇంగ్లిషు నెల అని అనుకోవద్దు. గృహప్రవేశాల ముందు పెయింట్లు, కుళాయిలు కదులుతాయి, ఆషాఢంలో, అధిక మాసంలో ఆగిపోతాయి. 2023లో అధిక శ్రావణం వచ్చి జూలై 18 నుంచి ఆగస్టు 16 వరకు ముహూర్తాలే లేవు, ఆ ఏడాది ఆగస్టును మరుసటి ఏడాది ఆగస్టుతో పోల్చినవారికి వ్యాపారం ఒక్కసారిగా పెరిగినట్లు కనిపించి ఉంటుంది. 2026లో మే 17 నుంచి అధిక జ్యేష్ఠం. పంచాంగం పక్కన పెట్టుకొని శ్రావణాన్ని శ్రావణంతోనే పోల్చండి.

పన్నెండు వారాల తరువాత ఇంటి సామాను మిగులు మీరు అనుకొన్న 16,800 మేరకే తగ్గి, ప్లంబింగ్ మిగులు కొంతైనా పెరిగి ఉంటే ముప్పుల గడి సరిగ్గా రాసినట్లు. ఇంటి సామానుతోపాటు మేకులు, స్క్రూలు, కరెంటు సామాను కూడా తగ్గి, జంట బిల్లులు సగానికి పడిపోతే మీరు ముప్పును తక్కువగా అంచనా వేసినట్లు, మొదటి అంచెకు తిరిగి వెళ్లి ఆ కుప్పలను మళ్లీ విడగొట్టాలి. ప్లంబింగ్ తగ్గితే మాత్రం సూపర్ మార్కెట్‌ను తిట్టుకోకండి. అక్కడ ఎల్బోలు దొరకవు కాబట్టి కారణం మరెక్కడో ఉంటుంది. కొత్త ఖాతా నియమానికి నొచ్చుకొని ఏ ప్లంబర్ పక్క వీధి దుకాణానికి మారాడో, ఉదయం ఏడున్నరకు షట్టర్ నిజంగా లేస్తోందో లేదో ముందు చూడండి.